జీతం మీద మొదటి హక్కు ఏ దేశానిది?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘ కార్యాలయంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఆడిటరును కాను, లాయరును కాను. ట్రెజరీలో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా దిగిపోయిన వాణ్ణి. ముప్పై మూడేళ్లు ఇతరుల జీతం బిల్లులు చూశాను, వాటిలోంచి ఆదాయపు పన్ను మినహాయించాను. అయినా మా ఇంట్లోని పన్ను లెక్కే నాకు సరిగ్గా తెలియలేదు. ఆ తెలియకపోవడం మా రెండోవాడికి అయిదున్నర లక్షల పైన ఖర్చయింది. ఈ సభలో కూర్చున్నవారిలో సగం మందికి పిల్లలు విదేశాల్లోనే ఉన్నారు గనుక, ఆ సంగతి చెప్పమని కార్యదర్శి గారు నన్ను నిలబెట్టారు.

ముందుగా మనకు తెలిసిన విషయంతో మొదలుపెడతాను. మా తాతగారికి కృష్ణా జిల్లాలో ఒక ఊళ్ళో పొలం ఉండేది. ఆయన కాపురం మాత్రం గుంటూరులో. శిస్తు ఎవరు వసూలు చేశారు? పొలం ఉన్న ఊరి మునసబు. ఆయన ఎక్కడ కాపురం ఉంటే మాకేమి, పంట పండింది మా ఊళ్ళో కదా అన్నది ఆ లెక్క. దీన్నే ఆదాయం పుట్టిన చోటును బట్టి పన్ను అంటారు. రెండో పద్ధతి ఇంకొకటి ఉంది. మనిషి ఎక్కడ కాపురం ఉంటాడో, ఎక్కడి రోడ్లు, పోలీసులు, ఆసుపత్రులు వాడుకుంటాడో, ఆ చోటుకు అతని మొత్తం ఆదాయం మీద హక్కు ఉంటుంది, అది ఎక్కడ సంపాదించినా సరే. ఇది నివాసాన్ని బట్టి పన్ను.

మనిషి ఒకే దేశంలో ఉండి అక్కడే సంపాదిస్తే ఈ రెండూ ఒకటే. ఒక దేశంలో కాపురం, ఇంకో దేశంలో సంపాదన అయినప్పుడే తగవు. రెండు దేశాలూ చెయ్యి చాపుతాయి. ఇది ఈనాటి తగవు కాదు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత పన్నులు బాగా పెరిగి, రెండు చోట్లా కట్టలేక జనం మొర పెట్టుకుంటే నానాజాతి సమితి నలుగురు ఆర్థికవేత్తల చేత 1923లో ఒక నివేదిక రాయించింది. ఆ నలుగురిలో ఒకరైన ఐనాడీ తరువాత ఇటలీ అధ్యక్షుడు కూడా అయ్యారు. వారి మొగ్గు నివాసం వైపు. కాని ఆదాయం పుట్టిన దేశం తన వాటా వదులుకోదు కదా. చివరికి దేశాల మధ్య ఒప్పందాల్లో జీతం విషయంలో కుదిరిన మర్యాద ఏమిటంటే, పని జరిగిన దేశానిది మొదటి పిలుపు. కాపురం ఉన్న దేశానిది రెండో పిలుపు, కాని ఆ రెండో దేశం మొదటి చోట కట్టినదాన్ని మినహాయించి మిగిలినదే తీసుకోవాలి.

ఇక మా ఇంటి కథ. మా రెండోవాడు హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాడు. 2022లో వాళ్ల అమెరికా కంపెనీకి బదిలీ చేసి డాలస్ పంపుతామన్నారు. సెప్టెంబరు 24న బయలుదేరమన్నారు. అది మహాలయ పక్షం. మరునాడే అమావాస్య. పితృపక్షంలో దూర ప్రయాణమేమిట్రా అని మా ఆవిడ కంట తడి పెట్టింది. నేనూ వంత పాడాను. "దసరా వెళ్ళాక వెళ్ళు, మేనేజరును అడుగు" అన్నాను. వాడు అడిగాడు, వాళ్లు ఒప్పుకున్నారు. ఆ సంవత్సరం అక్టోబరు 5న దసరా. అందరం కలిసి జమ్మి చెట్టుకు పూజ చేసుకున్నాం. 10వ తేదీన వాడు విమానం ఎక్కాడు. కోడలు, మనవరాలు బడి పూర్తయ్యే దాకా అంటే మరుసటి వేసవి దాకా హైదరాబాదులోనే ఉన్నారు.

మరుసటి సంవత్సరం జూలైలో రిటర్ను వేసే వేళ వాడు ఫోను చేసి, "నాన్నా, మా కంపెనీలో పన్నులు చూసేవాళ్లు అక్కడ పన్ను కట్టారు గనుక ఇక్కడ చూపనక్కరలేదంటున్నారు" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. ఒకే జీతానికి రెండుసార్లు పన్ను ఎలా కడతారు? ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఇక్కడ వచ్చిన జీతం మాత్రం చూపించి గడువులోగా రిటర్ను వేశాడు.

నవంబరులో వేరే పని మీద మా ఆడిటరు గారి దగ్గరకు వెళ్లినప్పుడు మాటల్లో ఈ సంగతి చెప్పాను. ఆయన రాస్తున్న కలం ఆపి ఒకే ఒక ప్రశ్న అడిగారు: "అబ్బాయి ఏ తేదీన విమానం ఎక్కాడండీ?"

అక్టోబరు 10 అన్నాను. ఆయన కేలండరు తీసి లెక్కపెట్టారు. ఏప్రిల్ 30, మే 31, జూన్ 30, జూలై 31, ఆగస్టు 31, సెప్టెంబరు 30, మొత్తం 183. అక్టోబరులో పది రోజులు కలిపితే 193. ఆ మాట చెప్పి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. నాకు అప్పుడే ఏదో అయిందనిపించింది.

సంగతి ఇది. మన ఆదాయపు పన్ను చట్టం దేశాన్ని బట్టి, పాస్‌పోర్టును బట్టి నివాసిని తేల్చదు. రోజులను బట్టి తేలుస్తుంది. ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్లే భారత పౌరుడు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజులు గాని, అంతకు మించి గాని ఉంటే, ఆ ఏడాదికి అతను భారత నివాసి. 181 రోజులైతే ప్రవాసి. బయలుదేరిన రోజు కూడా ఇక్కడి లెక్కలోకే వస్తుంది. కాబట్టి సెప్టెంబరు 28న విమానం ఎక్కినవాడు 181 రోజులతో ప్రవాసి అవుతాడు. 29న ఎక్కినవాడు 182 రోజులతో నివాసి అవుతాడు. మావాడు కంపెనీ చెప్పిన 24నే వెళ్లి ఉంటే 177 రోజులే అయ్యేవి.

నివాసి అయితే ఏమవుతుంది? ఆ ఆర్థిక సంవత్సరం మొత్తంలో ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా మన దేశానికి లెక్క చూపాలి. ప్రవాసి అయితే ఇక్కడ చేసిన పనికి వచ్చిన జీతం, ఇక్కడి వడ్డీ, అద్దె, ఇలా ఇక్కడి ఆదాయం మాత్రమే చూపితే చాలు.

మరి అమెరికా మాటేమిటి అన్నాను. ఆయన భారత అమెరికా పన్ను ఒప్పందం తీసి చూపించారు. అది 1989లో కుదిరింది. అందులో 16వ అధికరణం జీతాల గురించి. ఒక దేశపు నివాసి జీతం మీద పన్ను ఆ దేశానిదే, అయితే పని రెండో దేశంలో చేస్తే ఆ రెండో దేశం కూడా పన్ను వేయవచ్చు. ఇక్కడ ఒక చిన్న మినహాయింపు ఉంది. ఆ ఏడాదిలో అక్కడ 183 రోజులు మించకుండా ఉండి, జీతం అక్కడి యజమాని ఇవ్వకుండా, ఆ ఖర్చు అక్కడి శాఖ మీద కూడా పడకుండా ఉంటే, ఆ దేశం వదిలేస్తుంది. ఈ మూడూ కలిసి ఉండాలి. ఇక్కడి కంపెనీ జీతం మీదే మూడు నెలలు శిక్షణకు వెళ్లి వచ్చేవారికి ఇది పనికొస్తుంది. మావాడి జీతం ఇచ్చింది అమెరికా కంపెనీయే. కాబట్టి రోజులు ఎన్నయినా ఈ మినహాయింపు అతనికి లేదు. డాలస్‌లో చేసిన పనికి మొదటి హక్కు అమెరికాది. ఆ జీతాన్ని హైదరాబాదు బ్యాంకులో వేయించుకున్నా ఈ లెక్క మారదు. పని ఎక్కడ జరిగిందన్నదే చూస్తారు.

"అతను అక్కడి నివాసి కాడా మరి?" అని అడిగాను. రెండు దేశాలూ తమ చట్టం ప్రకారం మా నివాసే అంటే ఒప్పందంలో వరుసగా మెట్లున్నాయి. మొదట శాశ్వతమైన ఇల్లు ఎక్కడ ఉందని చూస్తారు. రెండు చోట్లా ఉంటే కుటుంబం, ఆస్తిపాస్తులు, సంబంధ బాంధవ్యాలు ఎక్కడ ఎక్కువో చూస్తారు. అక్కడా తేలకపోతే మామూలుగా ఎక్కడ ఉంటాడు, ఆ తరువాత ఏ దేశ పౌరుడు, చివరికి రెండు దేశాల అధికారులే మాట్లాడుకుని తేలుస్తారు. మావాడి భార్యాబిడ్డలు, సొంత ఫ్లాటు హైదరాబాదులో. డాలస్‌లో మరో ఇద్దరితో కలిసి అద్దె గది. "ఆ ఏడాదికి మీవాడు మనవాడేనండీ" అన్నారు ఆడిటరు గారు. సంతోషించాల్సిన మాటే గాని, ఆ పూట సంతోషం కలగలేదు.

ఇప్పుడు అంకెలు చెబుతాను. సులువుగా ఉండడానికి అంకెలను గుండ్రంగా చేశాను, డాలరు ఎనభై రూపాయలనుకోండి. ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడి జీతం 9 లక్షలు. అమెరికాలో మార్చి నెలాఖరు దాకా 40 వేల డాలర్లు, అంటే 32 లక్షలు. అక్కడ కేంద్ర ప్రభుత్వానికి పట్టుకున్న ఆదాయపు పన్ను 5 వేల డాలర్లు, అంటే 4 లక్షలు. టెక్సాస్ రాష్ట్రానికి వేరే ఆదాయపు పన్ను లేదు గనుక ఆ చిక్కు తప్పింది.

నివాసి గనుక మొత్తం 41 లక్షలూ ఇక్కడ చూపాలి. పాత పద్ధతిలో స్టాండర్డ్ డిడక్షను 50 వేలు, ప్రావిడెంటు ఫండు మొదలైన పొదుపుల కింద లక్షన్నర తీసేస్తే 39 లక్షలు. దాని మీద ఆ ఏటి రేట్ల ప్రకారం పన్ను, సెస్సుతో కలిపి 10,21,800 రూపాయలు. అంటే సగటున నూటికి 26 రూపాయల 20 పైసలు.

ఇక్కడే రెండో హక్కుదారు మొదటివాడికి కట్టినదాన్ని మినహాయించేది. ఎంత మినహాయిస్తారు? అమెరికా ఆదాయం 32 లక్షల మీద మన సగటు రేటు ప్రకారం పన్ను 8,38,400. అక్కడ కట్టింది 4,00,000. ఈ రెంటిలో ఏది తక్కువో అంతే. కాబట్టి 4 లక్షలు మినహాయించి మిగిలిన 6,21,800 ఇక్కడ కట్టాలి. ఒకవేళ అక్కడ 9 లక్షలు కట్టి ఉంటే 8,38,400 మాత్రమే ఇచ్చేవారు. పైన ఉన్న 61,600 రూపాయలు మన ఖజానా వాపసు ఇవ్వదు. ఇంకొకరు వసూలు చేసినదాన్ని మన ఖజానా ఎందుకు తిరిగి ఇస్తుంది? దీనివల్ల తేలేదేమిటంటే, ఒకే ఆదాయం మీద రెండు పన్నులు పూర్తిగా పడవు. కాని రెండు దేశాల్లో ఏది ఎక్కువో ఆ మేరకు మాత్రం కట్టక తప్పదు. "అక్కడ కట్టాం, ఇక్కడ చూపనక్కరలేదు" అన్న మాట అందుకే తప్పు. చూపాలి, చూపి మినహాయింపు అడగాలి.

సెప్టెంబరు 24న వెళ్లి ఉంటే? ఆ రెండు వారాల జీతం తేడా పక్కన పెడితే, ఇక్కడ 9 లక్షల మీదే లెక్క. మినహాయింపులు పోను 7 లక్షలు, పన్ను సెస్సుతో 54,600. తేడా 5,67,200 రూపాయలు. పితృదేవతలకు భయపడి నేను ఆపిన ప్రయాణానికి పడిన వెల అది. మా ఆవిడకు ఈ అంకె ఇప్పటికీ చెప్పలేదు. ఈ సంచిక ఇంటికి వచ్చాక చదువుతుందేమో, చూడాలి.

దీనికి తోడు ఇంకో కోత ఉంది. అక్కడి జీతంలో సోషల్ సెక్యూరిటీకి, మెడికేర్‌కు కలిపి నూటికి 7.65 చొప్పున పట్టుకుంటారు. 40 వేల డాలర్లకు 3,060 డాలర్లు, మన లెక్కలో 2,44,800 రూపాయలు. ఇది ఆదాయపు పన్ను కాదు. ఒప్పందంలోని పన్నుల జాబితాలోంచి దీన్ని పేరు పెట్టి తీసేశారు. కాబట్టి దీనికి ఇక్కడ పైసా మినహాయింపు లేదు. మావాడు దాన్ని కూడా పన్నుల్లో కలిపి అడుగుతానన్నాడు. అలా అడిగితే ఆ భాగం కొట్టేస్తారని ఆడిటరు గారు ముందే చెప్పారు. పే స్లిప్పులో ఏ కోత దేనికోసమో విడివిడిగా చూసుకోవాలనేది అందుకే.

అప్పటికి మాకు ఒక అదృష్టం మిగిలి ఉంది. మొదటి రిటర్ను జూలై గడువులోగా వేశాడు గనుక, 2023 డిసెంబరు 31 లోపల సవరించుకునే వీలుంది. మినహాయింపు అడిగే ఫారం 67ను 2024 మార్చి 31 దాకా ఇవ్వవచ్చు. దానికి రుజువులు కావాలి. ఇక్కడ ఒక మెలిక వచ్చింది. అమెరికా వారి సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు దాకా, మనది ఏప్రిల్ నుంచి మార్చి దాకా. వాళ్ల కంపెనీ ఏడాది చివర ఇచ్చే పత్రం డబ్ల్యు-2లో 2022 అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే ఉంది. 2023 జనవరి నుంచి మార్చి దాకా పట్టుకున్న పన్ను తరువాతి ఏటి పత్రంలో వస్తుంది. దాని మీద అక్కడి రిటర్ను 2024 ఏప్రిల్‌లో వేస్తారు. మన గడువు అంతదాకా ఆగదు. కాబట్టి నెలనెలా పే స్లిప్పులు, కోతల లెక్క, బ్యాంకు వివరాలు జతచేసి, ఆ మూడు నెలల భాగాన్ని వాటితో నిరూపించాం. తరువాత అక్కడి లెక్క తేలి వాళ్లు కొంత వాపసిస్తే, ఇక్కడ తీసుకున్న మినహాయింపును కూడా ఆ మేరకు సరిచేయాలి. ఆ వాపసు కాగితాన్ని పారేయకూడదు.

ఇంకొకటి. ఆ ఏడాది నివాసి గనుక డాలస్‌లో తెరిచిన బ్యాంకు ఖాతాను రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో చూపాలి. మావాడు జీతం పడే మామూలు ఖాతానే కదా అన్నాడు. మామూలు ఖాతా అయినా చూపాలి. చూపకపోతే 2015 నల్లధనం చట్టం కింద జరిమానా దాకా వెళ్లవచ్చు.

డిసెంబరు 20న సవరించిన రిటర్ను వేశాం. ఇక్కడ కంపెనీ ముందే పట్టుకున్న పన్ను పోను మిగిలినది వడ్డీతో సహా కట్టాడు. వాడు అక్కడ కారు కొందామని దాచుకున్న సొమ్ము దానికే సరిపోయింది. "పోనీలే నాన్నా, దసరా అందరం కలిసి చేసుకున్నాం కదా" అన్నాడు. ఆ మాటకు నాకు నోట మాట రాలేదు.

ఇంతకీ మన సంగతి ఏమిటని అడుగుతారు. మన పెన్షను మీద మొదటి హక్కు ఎవరిది? ప్రభుత్వ పెన్షనుకు ఒప్పందంలో 19వ అధికరణం వేరే ఉంది. ప్రభుత్వం, రాష్ట్రం, స్థానిక సంస్థ, ఎవరు ఇచ్చినా, ఆ ప్రభుత్వానికి చేసిన సేవకు ఇచ్చే పెన్షను మీద పన్ను ఆ దేశానికే. ఇక్కడ రెండో పిలుపు కూడా లేదు. పిల్లల దగ్గర కొన్నాళ్లు ఉండి వచ్చేవారికి ఇందులో భయమేమీ లేదు. అయితే అమెరికా పౌరసత్వం తీసుకుని అక్కడే నివసిస్తే ఆ హక్కు పూర్తిగా అమెరికాకు మారుతుంది. నడుమ ఉన్నది గ్రీన్ కార్డు. నా బ్యాచి మిత్రుడొకరు కూతురి ద్వారా గ్రీన్ కార్డు తీసుకున్నారు. పెన్షను ఇక్కడి నుంచే కదా అని అక్కడి రిటర్నులో చూపలేదు. ఒప్పందం మొదటి అధికరణంలోనే, వలస హోదా పొందినవారికి అమెరికా ఈ 19వ అధికరణపు రక్షణ ఇవ్వనక్కరలేదని ఉంది. కాబట్టి వారు పెన్షను అక్కడ చూపి, ఇక్కడ కట్టిన పన్ను ఏమైనా ఉంటే దాన్ని అక్కడ మినహాయించమని అడగాలి. కార్డుకు దరఖాస్తు పెట్టే ముందే ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

1961 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం చేశారు. దానికి 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా పెట్టారు. నేను చెప్పినదంతా పాత చట్టం నాటి కేసు. కొత్తదానిలో సెక్షన్ల, ఫారాల నంబర్లు వేరు గనుక కాగితం నింపే ముందు సరిచూసుకోండి. 182 రోజుల లెక్క మాత్రం అలాగే ఉంది.

మీ పిల్లలు ఎవరైనా విదేశానికి బదిలీ మీద వెళుతున్నామంటే, పంచాంగం తప్పక చూడండి, కాదనను. దాని పక్కనే కేలండరు కూడా పెట్టుకుని ఏప్రిల్ 1 నుంచి రోజులు లెక్కపెట్టండి. 182 దాటుతుందనిపిస్తే, ఆ సంగతి పిల్లలకు విమానం ఎక్కకముందే చెప్పండి. ఉంటే ఉండమనండి. కాని ఉన్నందుకు ఎంత కట్టాలో తెలిసి ఉండమనండి.